8:48 నుంచి 7:39: ఆ 69 సెకన్ల లెక్క

"సార్, మా పాప ఏడో తరగతి. జూన్‌లో స్కూల్లో మైలు పరుగు 8 నిమిషాల 48 సెకన్లు అని రాసిచ్చినారు. నవంబర్‌లో 7:39 అంట. మా బావమరిది చూసి, 'ఐదు నెలల్లో 69 సెకన్లా? ఒక రౌండు ఎగ్గొట్టి ఉంటాది' అంటాడు. రౌండుకు 66 సెకన్లు అని లెక్క కూడా వేసి చూపించినాడు. నిజంగా అంత తగ్గిందా? తగ్గితే ఎందుకు తగ్గింది? మీరు లెక్క ఎట్ల వేసినారో కొంచెం చెప్తారా?"
– ఒక తండ్రి, అనంతపురం

నమస్తే సార్. మీ బావమరిది గారిది తీసిపారేసే అనుమానం కాదు. చిన్న గ్రౌండ్లలో టైము ఉన్నట్టుండి బాగా తగ్గిందంటే నేను కూడా ముందు రౌండ్లే లెక్కపెడతాను. ఎనిమిది రౌండ్ల పరుగులో ఆయాసంతో ఉన్న పిల్లలు ఏడుకే ఆగిపోవడం, రాసేవాళ్ళు ఒక గీత ఎక్కువ పెట్టడం ఏటా చూస్తూనే ఉంటాం. కానీ ఇక్కడ అట్లా జరగలేదు. అలాగని ఆ 69 సెకన్లూ పాపవే అని కూడా నేను చెప్పను. అందులో పది సెకన్లు గ్రౌండువి. పాపకు దక్కేవి 59.

ముందు రౌండు సంగతి. జూన్‌లో పరుగెత్తింది మన స్కూలు గ్రౌండులో, ఎనిమిది రౌండ్లు. 8:48 అంటే 528 సెకన్లు, ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా 66. ఆయన లెక్కలో తప్పు లేదు. కానీ నవంబర్ పరుగు టౌనులోని 400 మీటర్ల మట్టి ట్రాకు మీద పెట్టాం. అక్కడ నాలుగే రౌండ్లు, పాప ఒక్కో రౌండుకు రెండు నిమిషాలకు కొంచెం తక్కువ తీసుకుంది. అక్కడ రౌండు ఎగ్గొడితే తగ్గేది 66 సెకన్లు కాదు, 115 దాకా తగ్గుతుంది. టైము 5:45 దగ్గర వచ్చేది. దాన్ని చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. పరుగెత్తే ప్రతి అమ్మాయికీ తోడుగా క్లాసు అమ్మాయి ఒకరు నోటుబుక్కు పట్టుకుని గీత దగ్గర కూర్చుంటుంది. తన జోడీ గీత దాటగానే నేను కేకేసి చెప్పే టైము రాసుకుంటుంది. పాప పేజీలో ఉన్నవి ఇవి. జూన్‌లో ఒక్కో రౌండుకు పట్టిన సెకన్లు: 54, 60, 66, 69, 72, 74, 71, 62. కలిపితే 528. నవంబర్‌లో: 113, 116, 118, 112. కలిపితే 459, అంటే 7:39. రాసే అమ్మాయి ఒక రౌండు మరిచిపోతే మధ్యలో ఎక్కడో ఒక అంకె రెండింతలు కనిపించాలి. పరుగెత్తే అమ్మాయి ఒక రౌండు మానేస్తే ఒక అంకె తక్కువ ఉండాలి. రెండూ లేవు.

ఈ అంకెలను కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికే వస్తాను. అసలు కథ వీటిలోనే ఉంది.

ఇక గ్రౌండు. మైలంటే 1609.344 మీటర్లు. మన దగ్గర మైలు అంటే 1600 అనే అలవాటు. పోలీసు కానిస్టేబుల్ సెలెక్షన్‌లోనూ, ఆర్మీ ర్యాలీలోనూ 1600 మీటర్లే పరుగెత్తిస్తారు, దాన్నే జనం మైలు అంటారు. 400 ట్రాకు మీద నాలుగు రౌండ్లు తిరిగితే వచ్చేది కూడా 1600. మైలు కావాలంటే స్టార్టింగ్ గీతను ఫినిషింగ్ గీతకు 9.34 మీటర్లు వెనక్కి జరిపి గీయాలి. నవంబర్‌లో ఆ గీత గీయలేదు. అది నా తప్పే. అరవై మంది పిల్లలను బస్సులో తీసుకెళ్ళి, ఏడున్నర లోపల ముగించాలన్న హడావుడిలో వదిలేశాను. కాబట్టి 7:39 అనేది 1600 మీటర్ల టైము.

స్కూలు గ్రౌండుది దీనికి తిరగబడ్డ కథ. అక్కడి సున్నం గీతలు 200 మీటర్ల ట్రాకు అని ఎప్పుడో గీసినవి, ఏటా వాటి మీదే మళ్ళీ సున్నం పోస్తున్నారు. నేను స్కూల్లో చేరింది జూన్‌లోనే. మొదటి పరుగు అయ్యాక పిల్లల టైములు చూస్తే అందరివీ కొంచెం ఎక్కువ అనిపించి, ఆ ఆదివారం టేపు పట్టుకుని కొలిచాను. కొలవడానికి ఒక పద్ధతి ఉంది. గీత మీద కొలవకూడదు, ఎందుకంటే గీత మీద ఎవరూ పరుగెత్తరు. లోపలి వైపు గట్టు లేని ట్రాకులో గీతకు 20 సెంటీమీటర్లు బయటగా కొలవాలి. అట్లా కొలిస్తే వచ్చింది 204 మీటర్లు. తిన్నగా ఉండే రెండు వైపులూ సరిగ్గా 50, 50 ఉన్నాయి. తేడా మొత్తం మలుపుల్లోనే.

తేడా ఎట్లా వచ్చిందంటే, మలుపు గీయడానికి మధ్యలో మేకు కొట్టి, తాడు కట్టి తిప్పుతారు. ఆ తాడు 64 సెంటీమీటర్లు పొడుగైతే చాలు, రౌండు 4 మీటర్లు పెరుగుతుంది. రెండు మలుపులు కలిస్తే ఒక పూర్తి వలయం కదా, వ్యాసార్థం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరుగుతుంది. గ్రౌండు చిన్నదా పెద్దదా అన్నదానితో దీనికి పనిలేదు. పిల్లలు మలుపులో గీతకు దూరంగా పరుగెత్తినా ఇదే లెక్క: మీటరు బయటగా తిరిగితే రౌండుకు ఆరు మీటర్ల పైన దండగ.

కాబట్టి జూన్‌లో పాప పరుగెత్తింది 8 × 204 = 1632 మీటర్లు. మైలు కంటే దాదాపు 23 మీటర్లు ఎక్కువ. నవంబర్‌లో 1600. మైలు కంటే 9 తక్కువ. రెండింటినీ అసలు మైలుకు తెచ్చి పోల్చాలి. అదే వేగంతో సరిగ్గా మైలు పరుగెత్తి ఉంటే ఎంత పట్టేది అని చూడాలి:

```
జూన్    : 528 × 1609.344 ÷ 1632 = 520.7  → 8:40.7
నవంబర్ : 459 × 1609.344 ÷ 1600 = 461.7  → 7:41.7
తేడా    : 59.0 సెకన్లు
```

పది సెకన్లు గ్రౌండువి అన్నది ఇందుకే. స్కూలు రిజిస్టరులో ఇప్పుడు 7:39 పక్కన 7:41.7 అని, జూన్ టైము పక్కన 8:40.7 అని నేనే ఎర్ర ఇంకుతో రాశాను. ఇట్లా సరిచేయడం ఇరవై, ముప్పై మీటర్ల తేడాకే పనికొస్తుంది. పాప 600 మీటర్లు రెండున్నర నిమిషాల్లో పరుగెత్తింది కదా అని దాన్ని ఇదే విధంగా మైలుకు పెంచితే 6:42 వస్తుంది. ఆ టైము పాపకు ఇప్పట్లో రాదు. దూరం పెరిగేకొద్దీ ఎవరికైనా వేగం తగ్గుతుంది. గుణించి చెప్పే టైములను నమ్మకండి, నేను చెప్పినా సరే.

స్టాప్‌వాచ్ తప్పు ఎంత ఉంటుందని అడుగుతారేమో. నవంబర్‌లో నా వాచీ, పీఈటీ మేడమ్ వాచీ రెండూ ఉన్నాయి. రెండింటికీ తేడా అర సెకను పైన. రెండు వాచీలు వేర్వేరు చెబితే ఎక్కువ ఉన్న టైమునే తీసుకోవాలన్నది నియమం, అదే రాశాం. అరవై సెకన్ల విషయంలో అర సెకను గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు ఆ 59 సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయి? తల్లిదండ్రులు మామూలుగా అనుకునేది "పొద్దున్నే ప్రాక్టీసుకు పోతోంది కదా, దమ్ము పెరిగింది" అని. అది నిజమే కానీ సగం కూడా కాదు.

జూన్ అంకెలు మళ్ళీ చూడండి. మొదటి రౌండు 54 సెకన్లు. ఆరో రౌండు 74. మైలంటే ఎంతో పాపకు అప్పటికి తెలియదు. పక్కవాళ్ళతో పందెం వేసినట్టు 100 మీటర్ల పరుగులా దూకింది. మూడో రౌండుకే కాళ్ళు బరువెక్కాయి, ఐదో రౌండులో డొక్కలో పోటు వచ్చి పక్క పట్టుకుని నడక, పరుగు కలిపి లాగింది. పరుగు పెట్టింది తొమ్మిదిన్నరకు. పాప ఇంట్లో ఉగ్గాని, బజ్జీ కడుపునిండా తిని వచ్చిందట, తర్వాత అడిగితే చెప్పింది. ఇక చివరి రౌండు చూడండి, 62! నిజంగా శక్తి అయిపోయిన మనిషి చివరి రౌండు ముందుదాని కంటే తొమ్మిది సెకన్లు తక్కువలో తిరగలేదు. అంటే ఓపిక ఉంది, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియలేదు. మొదటి సగం 249 సెకన్లు, రెండో సగం 279. నవంబర్‌లో అదే 229, 230.

మొదట అతిగా పరుగెత్తి తర్వాత నష్టపోవడం ఎందుకంటే, శరీరం ఆక్సిజన్‌తో సర్దుకోగల వేగం ఒకటి ఉంటుంది. దాన్ని బాగా దాటితే కండరాలు వేరే దారిలో శక్తి తెచ్చుకుంటాయి. అది కాసేపే నడుస్తుంది, పైగా దాని అలసట తర్వాతి రౌండ్లలో కూడా వదలదు. మొదటి రౌండులో పది సెకన్లు లాభపడి, తర్వాత నాలుగు రౌండ్లలో ముప్పై పోగొట్టుకోవడం అన్నమాట.

ఇది ఊరికే అనడం కాదు, దీనికి పరీక్ష పెట్టాను. జూన్ పరుగు తర్వాత రెండు వారాల పాటు డ్రిల్ పీరియడ్‌లో క్లాసు మొత్తానికి ఒకటే నేర్పాను: ఒక రౌండును నేను చెప్పిన టైముకు తిరిగి రావాలి. 64 అంటే 64. ముందొచ్చినా తప్పే, వెనకొచ్చినా తప్పే. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, ఎవరు దగ్గరగా వస్తే వాళ్ళు గెలిచినట్టు. ప్రాక్టీసు అనదగ్గ కష్టం ఏమీ లేదు. జూలై రెండో వారంలో మళ్ళీ అదే గ్రౌండు, అదే తొమ్మిదిన్నర, ఎనిమిది రౌండ్లు. టిఫిన్ మాత్రం రెండు గంటల ముందే, అది కూడా కొంచెమే తినమని చెప్పాను. పాప టైము 8:24. మైలుకు తెస్తే 8:17.

రెండు వారాల్లో దాదాపు 24 సెకన్లు. రెండు వారాల్లో గుండె, ఊపిరితిత్తులు, కండరాలు అంతగా మారవు. ఈ 24 సెకన్లు వేగాన్ని సమంగా పంచుకోవడం వల్ల, కడుపు తేలిగ్గా ఉండడం వల్ల, ఎంత దూరమో ముందే తెలియడం వల్ల వచ్చాయి. మొత్తం 59లో ఇవి 24. మిగిలినవి 35, జూలై నుంచి నవంబర్ దాకా.

ఆ 35లోనూ ప్రాక్టీసుది ఎంతో విడదీయాలి. ఈ నాలుగు నెలల్లో ప్రాక్టీసు ఒక్కటే మారలేదు కదా. జూలైలో మన అనంతపురం గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. రౌండు తిరిగే పరుగులో ఒక వైపు గాలి ఎదురొస్తే ఇంకో వైపు వెనక నుంచి తోస్తుంది, చెల్లుకు చెల్లు అనుకుంటారు. కాదు. ఎదురుగాలి తినేసినంత, వెనకగాలి తిరిగి ఇవ్వదు. నవంబర్‌లో గాలి దాదాపు లేదు, పొద్దున ఆరుముప్పావుకు చలిగానే ఉంది. జూలై తొమ్మిదిన్నర ఎండతో పోలిస్తే ఒంటికి అదో పెద్ద సాయం, ఒంట్లో వేడి బయటికి పోవడానికి రక్తాన్ని చర్మానికి పంపే అవసరం తగ్గుతుంది. దానికి తోడు పాప ఈ నాలుగు నెలల్లో రెండు సెంటీమీటర్లకు పైగా పొడుగైంది. ఈ వయసులో పిల్లలు ఎదిగేకొద్దీ ఏ ప్రాక్టీసూ లేకుండానే అడుగు పెద్దదై, ఒకే వేగానికి పడే కష్టం కొంచెం తగ్గుతుంది. ఇవన్నీ కలిపి ఎన్ని సెకన్లు?

దీనికి నా దగ్గరున్న ఒకే దారి, ప్రాక్టీసుకు రాని పిల్లలను చూడడం. క్లాసులో పదకొండు మంది అమ్మాయిలు పొద్దున ప్రాక్టీసుకు రారు, కానీ జూలైలో, నవంబర్‌లో అదే రోజు, అదే గ్రౌండులో పాపతో పాటే పరుగెత్తారు. వాళ్ళకూ అదే గాలి, అదే చలి, వాళ్ళూ నాలుగు నెలలు ఎదిగారు. వాళ్ళ టైములను కూడా మైలుకు తెచ్చి, ఎవరికెంత తగ్గిందో వరుసగా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్న అమ్మాయిని చూశాను. ఆమెకు తగ్గింది 14 సెకన్లు. సగటు తీయలేదు, ఎందుకంటే ఒకమ్మాయి జూలైలో జ్వరం నుంచి లేచి వచ్చి పరుగెత్తింది, ఆమెది ఒక్కటే నిమిషానికి పైగా తగ్గింది. సగటులో కలిపితే ఆమె ఒక్కతే లెక్కను చెడగొట్టేస్తుంది.

35లో 14 తీసేస్తే మిగిలింది 21. ఆ 21 సెకన్లు ప్రాక్టీసు వల్ల వచ్చాయని నా అంచనా. అంచనా అని ఎందుకంటున్నానంటే, పొద్దున ఆరింటికి లేచి వచ్చే పిల్లలు, రాని పిల్లలు ఒకేలాంటి వాళ్ళు కాదు. పరుగు మీద ఇష్టం ఉన్నవాళ్ళే వస్తారు, వాళ్ళు సాయంత్రం వీధిలో కూడా ఎక్కువ ఆడతారు. 21 కాక 15 కావచ్చు, 25 కావచ్చు. 50 మాత్రం కాదు. పన్నెండేళ్ళ పిల్లల్లో ప్రాక్టీసు వల్ల దమ్ము పెరగడం పెద్దవాళ్ళలో కంటే తక్కువగానే ఉంటుంది. పాపకు తగ్గింది నూటికి నాలుగు వంతులు. అంతకంటే బాగా ఎక్కువ కనిపించి ఉంటే నేను సంతోషపడే బదులు ఇంకోసారి టేపు తీసుకుని గ్రౌండుకు పోయేవాణ్ణి.

ఆ ప్రాక్టీసు ఏమిటని మీరు అడగలేదు కానీ, తెలిసి ఉండడం మంచిది. వారానికి మూడు పొద్దులు. రెండు రోజులు మెల్లగా, పక్క అమ్మాయితో మాట్లాడుకుంటూ పోగలిగినంత వేగంతో, మొదట 12 నిమిషాలు, నవంబర్ నాటికి 25. మాట ఆగిపోతే వేగం ఎక్కువైనట్టు. మూడో రోజు 400 మీటర్లు నాలుగు సార్లు, ఒక్కోటి 1:55 దగ్గర, మధ్యలో రెండు నిమిషాల నడక. ఆ 1:55 ఊరికే పెట్టింది కాదు. 1600 మీటర్లు 7:40లో పరుగెత్తాలంటే 400కు పట్టాల్సిన టైము అది. నవంబర్‌లో పాప రౌండ్లు 113, 116, 118, 112 అని ఉన్నాయంటే, ఆ వేగం కాళ్ళకు తెలిసిపోయింది కాబట్టి. సెప్టెంబర్‌లో ఒక వారం మోకాలి కింద ఎముక మీద నొప్పి అంది. ఎదిగే పిల్లలకు అక్కడ నొప్పి రావడం మామూలే, ఆ వారం పరుగు ఆపించాను. మళ్ళీ అంటే ఇంట్లో మందు రాసి పంపకండి, నాకు చెప్పండి.

లెక్కలో కలపలేనిది ఇంకొకటి ఉంది. జూన్‌లో పాప గుంపులో చిక్కుకుని మలుపుల్లో గీతకు బయటగా పరుగెత్తడం నాకు గుర్తుంది, కానీ ఎంత బయటగా అనేది ఎవరూ కొలవలేదు. మీటరు బయటగా తిరిగి ఉంటే ఎనిమిది రౌండ్లకు 50 మీటర్లు. అంటే జూన్‌లో ఆమె అసలు సత్తా 8:40 కంటే ఇంకొంచెం మెరుగ్గానే ఉండొచ్చు, అప్పుడు 59 కూడా ఇంకొంచెం తగ్గుతుంది. కొలవనిదాన్ని కలపకూడదు కాబట్టి వదిలేశాను.

ఇకపై ఇంత వేగంగా తగ్గదని ఇప్పుడే చెప్తున్నాను. ఆ 24 సెకన్లు ఒక్కసారి వచ్చేవి, వచ్చేశాయి. చలి ఉండడం, గాలి లేకపోవడం వల్ల వచ్చినవి మార్చి వస్తే మళ్ళీ పోతాయి. వచ్చే ఏడు జూన్‌లో టైము నవంబర్ కంటే ఎక్కువ కనిపిస్తే పాపను కోప్పడకండి. పోల్చాలంటే నవంబర్‌ను నవంబర్‌తోనే పోల్చాలి. స్కూల్ గేమ్స్‌లో అండర్-14 అమ్మాయిలకు ఎక్కువ దూరం 600 మీటర్లే, మైలు లేదు. కాబట్టి ఈ టైముతో సెలెక్షన్ కోసం ఎవరి దగ్గరికీ పోవాల్సిన పని కూడా లేదు.

తర్వాతి పరుగు సంక్రాంతి సెలవులు అయ్యాక, అదే 400 ట్రాకు మీద, పొద్దున ఆరుముప్పావుకు. ఈసారి స్టార్టింగ్ గీత 9.34 మీటర్లు వెనక్కి నేనే ముందు రోజు సాయంత్రం గీస్తాను. మీ బావమరిది గారిని కూడా తీసుకురండి. నోటుబుక్కు ఆయన చేతికే ఇస్తాను, పాప రౌండ్లు ఆయనే రాస్తారు.